రెండు చప్పుళ్ల గీత

మమత బోళ్లు తోముతోంది. కింద గోనెసంచి మడత పెట్టి పరుచుకుంది. తోమిన గిన్నెను గిన్నె మీద పెట్టకుండా, ఒక్కొక్కటి పసిపిల్లను పడుకోబెట్టినట్టు సంచి మీద పక్కపక్కన బోర్లిస్తోంది. నల్లాకు కట్టిన గుడ్డపేలిక ఒకటి కింద బకెట్లోకి వేలాడుతోంది, నీళ్ల ధార దాని వెంబడి జారుతూ చడీచప్పుడు లేకుండా దిగుతోంది.

ముందు గదిలో తమ్ముడు ప్రశాంత్ నిద్రపోతున్నాడు. ఈ వారం అతనికి నైట్ షిఫ్టు. పొద్దున ఏడున్నరకు బొగ్గు బాయి నుంచి వచ్చి, తిని పడుకుంటే మధ్యాహ్నం మూడు దాకా లేవడు. గోదావరిఖని కాలనీ క్వార్టర్లలో పుట్టిన పిల్లలకు మాటలు రాకముందే మెల్లగా మసలడం వస్తుంది. ఎవరి ఇంట్లోనో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, పట్టపగలు తలుపులు మూసుకుని పడుకునే ఉంటారు. మొన్నటిదాకా తండ్రి కోసం ఊపిరి బిగబట్టిన ఇల్లు ఇప్పుడు కొడుకు కోసం బిగబడుతోంది, అంతే తేడా.

తండ్రి ఆగయ్య వెనక వరండాలో మంచం మీద కూర్చున్నాడు. భూగర్భ గనిలో ముప్పై రెండేళ్లు పైకప్పుకు ఆసరా కట్టే పని చేసి, ఉద్యోగం నుంచి దిగిపోయాడు. అక్కడి మోతలకు చెవులు రెండూ మందగించాయి. కుడి చెవి దగ్గర గట్టిగా అరిస్తే వినపడుతుంది. ఇంట్లో ఒకరు నిద్రపోతుంటే అరవడం ఎట్లా? అందుకని పగటిపూట ఆయనతో అందరూ చేతులతోనే మాట్లాడతారు. అన్నానికి నోటి దగ్గర వేళ్లు, చాయ్‌కి బొటనవేలు.

ఇప్పుడాయన కూతురి వైపు చూసి అరచేతిలో వేలితో చతురస్రం గీశాడు. ఫోన్ ఇవ్వమని. మమత చేతులు కొంగుకు తుడుచుకుని నవ్వింది. నిన్న సాయంత్రం నుంచి ఇది మూడోసారి అడగడం. తన వీడియో చూడాలట.

వీడియో అంటే ఆయన కదిలే వీడియో కాదు, ఆయన మాట. ప్రధాన రోడ్డు పక్కన ఫొటో స్టూడియో నడిపే ఆసిఫ్ ఏడాదిన్నరగా 'బాయి మీది ముచ్చట' పేరుతో పాడ్‌కాస్ట్ చేస్తున్నాడు. దిగిపోయిన కార్మికులను పిలిచి, స్టూడియో వెనక గదిలో మైకు ముందు కూర్చోబెట్టి మాట్లాడిస్తాడు. వట్టి మాటను ఫోన్లో ఎవరూ తెరవరు, ఒకరికొకరు పంపుకోరు. కళ్లకు ఏదైనా కనబడాలి. గనిలోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు కాబట్టి లోపలి బొమ్మలు ఎవరి దగ్గరా ఉండవు. అందుకే ఆసిఫ్ రికార్డు చేసిన మాటను మమతకు ఇస్తాడు. ఆమె దాని మీద నాలుగైదు ఫొటోలు పేర్చి, కింద మాటలను అక్షరాలుగా వేసి, గొంతు లేచినప్పుడు లేచి, పడినప్పుడు పడే పసుపు గీత ఒకటి కదిలేటట్టు చేసి వీడియోగా కడుతుంది. ఆ గీత కదులుతుంటే, నిలబడిపోయిన ఫొటో కూడా మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఊరి బడిలో చదివిన పిల్లకు ఈ పని ఎవరూ నేర్పలేదు, చూసి చూసి పట్టుకుంది. ఇది ఆమె చేసిన పదకొండో వీడియో.

తండ్రిని ఒప్పించడానికే రెండు నెలలు పట్టింది. 'నాకు మాట్లాడుడు రాదు, కొట్టుడు వస్తది' అన్నాడాయన. కొట్టడమంటే గని పైకప్పును కొట్టి చూడడం. బొగ్గు తీసిన చోటికి ముందుగా పోయి, ఇనుప పొన్ను తొడిగిన కర్రతో పైనున్న బండను తట్టి, అది పలికిన తీరును బట్టి ఇక్కడ నిలబడొచ్చా, పారిపోవాలా అని తేల్చడం. ఆయన చేతి కింద పనిచేసిన ఒక్క మనిషి మీద కూడా బండ పడలేదు. ఆ సంగతి ఆయన ఎన్నడూ చెప్పుకోడు, ఆయన తోటివాళ్లే చెప్తారు.

చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఆసిఫ్ గదిలో నేల మీద గచ్చుపలకలు పరిచి ఉన్నాయి. ఒక మూల పలక కింద సిమెంటు సరిగా పడక డొల్లగా ఉంది. ఆగయ్య లోపలికి అడుగు పెట్టగానే కర్రతో నేలంతా తట్టుకుంటూ పోయి దాన్ని పట్టుకున్నాడు. 'గిది చాలు. నేను రెండు కొడుత. మంచిదొకటి, డొల్లదొకటి. గా రెండు చప్పుళ్లు జనానికి పోవాలె. అవి పోకుంటె నా మాట గూడ పోవద్దు' అన్నాడు. ఆసిఫ్ సరేనన్నాడు. మమత కూడా సరేనంది.

ఆ పద్నాలుగు నిమిషాల మాట ఇవాళ, శుక్రవారం, మధ్యాహ్నం రెండున్నరకు బయటికి పోతుంది. ఆసిఫ్ నిన్ననే యూట్యూబ్‌లో ఎక్కించి టైము పెట్టాడు. జుమ్మా నమాజు నుంచి వచ్చాక వాట్సాప్ గ్రూపులకు తనే పంపుతానన్నాడు. దిగిపోయినవాళ్లవి, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలవి, బెల్లంపల్లి వాళ్లవి, మంచిర్యాల వాళ్లవి, అన్నీ కలిపి పదిహేను గ్రూపులు.

మమత ఫోన్లో వీడియో పెట్టి, సౌండు పూర్తిగా తీసేసి తండ్రి చేతికిచ్చింది. తమ్ముడు లేస్తాడని ఒక కారణం. పెట్టినా ఆయనకు వినపడదని ఇంకో కారణం. మళ్లీ బోళ్ల దగ్గరికి పోయింది.

ఆగయ్య చాలాసేపు కదలకుండా చూశాడు. తన పాత గుర్తింపు కార్డు ఫొటో వచ్చినప్పుడు మీసం సవరించుకున్నాడు. కాసేపటికి కూతుర్ని చేత్తో పిలిచి, పసుపు గీత మీద వేలు పెట్టి, ఇదేందని కళ్లతో అడిగాడు. మమత ఆయన పక్కన కూర్చుని చేతులతో చెప్పింది. నోటి దగ్గర నుంచి చెయ్యి పెద్దగా చాపి, గీత పైకి లేచినట్టు చూపింది. మెల్లగా మాట్లాడితే చిన్నది. ఊకుంటే సాపు. ఆగయ్యకు అది ఒక్కసారికే అర్థమైంది. చెవులు పోయాక ఈ ఆరేళ్లలో తన గొంతును ఆయన చూడడం ఇదే మొదలు. మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నాడు.

ఈసారి ఆయన ఫొటోలు చూడలేదు, అక్షరాలు చదవలేదు. గీతనే చూశాడు. కర్ర ఫొటో వచ్చిన చోట ఆగాడు. వెనక్కి జరిపాడు. మళ్లీ చూశాడు. మళ్లీ వెనక్కి జరిపాడు. నాలుగోసారికి ఆయన ముఖంలో ఏదో మారింది. మమత గిన్నె పక్కన పెట్టి లేచింది.

"బిడ్డా," అన్నాడు ఆగయ్య, గొంతు తగ్గించాననుకుని తగ్గించకుండా. "రెండు ఒక్కతీరే ఉన్నయ్ గదా."

మమత నోటి మీద వేలు పెట్టి లోపలి గది వైపు చూపింది. ఆయన పట్టించుకోలేదు. గీత మీద వేలితో చూపించాడు. మంచి పలకను కొట్టినప్పుడు సన్నగా ఒక ముల్లు లేచి పడిపోయింది. డొల్ల పలకను కొట్టినప్పుడు కూడా అంతే సన్నగా ఒక ముల్లు లేచి పడిపోయింది.

"మంచిది టంగుమని ఊకుంటది. డొల్లది ఊకోదు, దాని కడుపుల గాలి ఉంటది, కొట్టినంక గూడ పలుకుతనే ఉంటది. చెవి పోతె పోయింది, కర్ర పట్టిన చేతికి ఎరుకైతది. మరి గీ గీత ఎందుకు ఊకుంది?"

మమత పరుగున పోయి ఇయర్‌ఫోన్లు తెచ్చి పెట్టుకుంది. ఆ చోటుకు జరిపి విన్నది. 'గిది మంచి కప్పు,' అన్నది తండ్రి గొంతు. టక్. 'గిది డొల్ల కప్పు.' టక్.

రెండూ ఒక్కటే. డొల్ల పలక కూడా మంచిదానిలాగే పలుకుతోంది.

 ఎక్కడ ఏం జరిగిందో ఆమెకు వెంటనే తెలిసిపోయింది. స్టూడియో రోడ్డు మీద బొగ్గు లారీల మోత, నెత్తిన ఫ్యాను హోరు, అన్నీ రికార్డింగులో పడ్డాయి. ఈసారి ఆమె కొత్తగా దొరికిన ఒక టూల్‌తో మాటను శుభ్రం చేసింది. అది మనిషి గొంతును మాత్రమే ఉంచి తక్కినదంతా తుడిచేస్తుంది. లారీ మోత పోయింది, ఫ్యాను హోరు పోయింది. డొల్ల పలక కడుపులోంచి వచ్చే బరువైన మోత కూడా దానికి లారీ మోతలాగే తోచింది. దాన్నీ తుడిచేసి, పైన కర్ర తగిలిన టక్కుమనే ముక్కను మాత్రం వదిలింది.

మొదటి రెండు నిమిషాలు విని, గొంతు గాజులా ఉందని మురిసిపోయిందే గాని తక్కినది వినలేదు. అక్షరాలు సరిపోయాయా, ఫొటోలు సమయానికి మారుతున్నాయా అని పద్నాలుగు నిమిషాలూ మూడుసార్లు చూసింది. చూసింది, సౌండు తీసేసి. ప్రశాంత్ నిద్రపోతున్నాడు కదా. ఇయర్‌ఫోన్లు అలమరలోనే ఉన్నాయి. అయినా చేతికి అలవాటు. ఈ ఇంట్లో పగలు ఏది తెరిచినా ముందు దాని నోరు నొక్కడం అలవాటు.

తండ్రి ఆమె ముఖాన్నే చూస్తున్నాడు. మమత తప్పు తనదని చేత్తో గుండె మీద తట్టుకుని చూపింది. ఆయన కోపం చెయ్యలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది.

"పొల్లగాండ్లు నేర్చుకుంటరు," అన్నాడు మెల్లగా. "ఆగయ్య చెప్పిండు, టక్కుమంటె మంచిదేనట అని లోపటికి పోతరు. ఆపు బిడ్డా."

గడియారం రెండు కావడానికి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఆసిఫ్‌కు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. జుమ్మా. ఫోను సైలెంట్లో పెట్టి జేబులో వేసుకుని నమాజులో ఉంటాడు. మమత పెరట్లోకి పోయి, జామచెట్టు కింద నిలబడి ఆసిఫ్ భార్య సుమైరాకు చేసింది. సుమైరా శుక్రవారాలు స్టూడియోలో కూర్చుంటుంది. మమత సంగతంతా చెప్పింది.  విన్నాక సుమైరా, కంప్యూటర్ తెరిచే ఉందని, లైన్లోనే ఉండమని అంది.

మౌస్ నొక్కిన చప్పుళ్లు వినబడ్డాయి. 

"యూట్యూబ్‌ది టైము తీసేసిన," అంది సుమైరా. "ఇగ ఎవలకు కనబడది. ఫికర్ చెయ్యకు."

"గ్రూపులు, భాభీ?"

సుమైరా చూసి చెప్తానంది. ఆసిఫ్ వాట్సాప్ కంప్యూటర్లో కూడా తెరిచి ఉంటుంది. కాసేపటికి ఆమె నిట్టూర్పు వినపడింది. నమాజుకు పోయే ముందు ఆగలేక వీడియో ఫైలునే ఒక్క గ్రూపుకు పంపాడట, ఆగయ్య పాత దోస్తుల గ్రూపుకు. అరగంట అయింది. అందరికీ కనబడకుండా తీసేసింది, కాని ఇరవై ముగ్గురిలో నలుగురు అప్పటికే చూసినట్టు ఉంది.

మమత ఫోన్ పెట్టి లోపలికి వచ్చేసరికి తల్లి మల్లక్క తన ఫోన్ పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. చూసిన నలుగురిలో ఒకడు ఎవరో తెలిసిపోయింది. లింగమూర్తి. ఆగయ్యతో పాతికేళ్లు ఒకే షిఫ్టులో పనిచేసిన మనిషి. ఆగయ్యకు ఫోన్లో వినపడదని మల్లక్కకు చేశాడు. నవ్వుతూనే అడిగాడట, బావకు చెవుల్తోపాటు చెయ్యి గూడ మొద్దుబారిందా, రెండు ఒక్కతీరు కొట్టి ఒకటి మంచిదంటడు ఒకటి చెడ్డదంటడు అని. చాయ్ హోటల్ కాడ అందరం అనుకుంటున్నం అని కూడా అన్నాడట.

మల్లక్క ఆ మాట భర్తకు చెప్పదలుచుకోలేదు. కాని ముప్పై రెండేళ్లు కప్పును చూసి బతికిన మనిషికి పెండ్లాం ముఖం చదవడం ఒక లెక్కా. "ఎవలు? లింగమూర్తేనా?" అన్నాడు. ఆమె తలూపింది.  రోజూ రెండింటికి చాయ్ హోటలుకు పోయే మనిషి గోడకు ఆనించిన పొన్ను కర్రను తీసి ఒళ్లో పెట్టుకుని, మంచం మీదే కూర్చుండిపోయాడు.

మమతకు ఏడుపు వచ్చింది. ఏడవడానికి టైము లేదు. ఇప్పుడు కావలసింది ఒక్కటే, శుభ్రం చెయ్యని మొదటి రికార్డింగు. ల్యాప్‌టాప్ తెరిచింది, అప్పుడు గుర్తొచ్చింది. ల్యాప్‌టాప్‌లో జాగా చాలక, శుభ్రం చేసిన ఫైలును అదే పేరుతో పాతదాని మీదే భద్రం చేసింది. పేరు మారకపోతే వీడియో పనిలో మాట దానంతటదే వచ్చి కూర్చుంటుందని అనుకుంది. అట్లాగే వచ్చి కూర్చుంది. పాతది పోయింది.

మళ్లీ రికార్డు చేద్దామంటే ఆ పలక లేదు. ఎవరి కాలికన్నా తగులుతుందని ఆసిఫ్ మొన్ననే మేస్త్రీని పిలిచి దాన్ని తీయించి, కింద సిమెంటు నింపించి గట్టిగా వేయించాడు. ఆ సంగతి గొప్పగా చెప్పాడు కూడా.

మిగిలింది రికార్డరులో ఉండే చిన్న కార్డు. ఆసిఫ్ ప్రతి కొత్త రికార్డింగుకు ముందు దాన్ని చెరిపేస్తాడు. ఈ వారం ఇంకెవరైనా వచ్చారా? మమత మళ్లీ సుమైరాకు చేసింది. అడిగే ముందు ఒక క్షణం ఆగింది, వినకుండా ఉంటే బాగుండుననిపించి.

సుమైరా సొరుగు తీసింది. కార్డు కంప్యూటర్లో పెట్టింది. నిన్న ఒక రిటైరైన హెడ్మాస్టరు వస్తానన్నాడట, మోకాళ్ల నొప్పితో రాలేదట. అది చెప్తూనే ఆమె గొంతు మారింది.

"ఉన్నది మమతా. పదమూడు తారీఖుది. పద్నాలుగు నిమిషాల ఏడు సెకండ్లు. ఇదేనా?"

మమత ఆ పొడవును ల్యాప్‌టాప్‌లోని వీడియోతో సరిచూసింది. అదే.

వాట్సాప్‌లో ఆడియోగా పంపొద్దని, డాక్యుమెంటుగా పంపమని చెప్పింది. ఆడియోగా పంపితే అది నలిపి చిన్నది చేస్తుంది. ఇక ఈ మాటను ఎవరూ నలపకూడదు. సుమైరా అట్లాగే పంపింది. ఫైలు మెల్లగా దిగుతుంటే మమత ఆ గుండ్రటి గుర్తు నిండడం చూస్తూ కూర్చుంది. తల్లి ఎప్పుడొచ్చి చాయ్ గ్లాసు పక్కన పెట్టిపోయిందో తెలియలేదు.

ముందు ఆ ఫైలుకు వేరే పేరు పెట్టింది. దాన్ని ఇంకో చోట కూడా దాచింది. తర్వాత ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పద్నాలుగు నిమిషాల ఏడు సెకండ్లూ, ఒక్క ముక్క జరపకుండా విన్నది. లారీలు పోతున్నాయి, ఫ్యాను కొట్టుకుంటోంది, మధ్యలో బయట ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు. ఎనిమిదో నిమిషంలో తండ్రి గొంతు ఆగింది. టంగ్. కాస్త ఆగి, డబ్బ్... అని ఆ రెండో చప్పుడు ఒక క్షణం నీళ్లకుండలో తిరిగినట్టు తిరిగి మెల్లగా మునిగింది.  గని అంటే ఏమిటో మమత చిన్నప్పటినుంచీ వింటూనే ఉంది గాని, అది వినపడటం ఇదే మొదలు.

అనుకున్నంత పని లేదు. శుభ్రం చేసినప్పుడు మాట పొడవు మారలేదు, పాతదీ కొత్తదీ సెకను తేడా లేకుండా ఒకటే పొడవు. కాబట్టి అక్షరాలు వేసిన చోట్లు, ఫొటోలు మారే చోట్లు అన్నీ అట్లాగే సరిపోతాయి. మార్చవలసింది శబ్దం ఒక్కటే, దాన్నిబట్టి కదిలే గీత ఒక్కటే. మాట్లాడిన ముక్కలను శుభ్రం చేసినదాని నుంచే తీసుకుంది. ఎనిమిదో నిమిషంలో కర్ర చప్పుళ్లు ఉన్న చోట మాత్రం కత్తిరించి, ఆ ముక్కను మొదటి రికార్డింగు నుంచి తెచ్చి అతికించింది. అతుకుల దగ్గర ఒకటి మెల్లగా తగ్గి ఇంకొకటి మెల్లగా పెరిగేటట్టు చేసింది, లేకపోతే ఫ్యాను హోరు ఒక్కసారి మీదపడ్డట్టు వస్తుంది. లారీ మోత కొద్దిగా వినబడుతుంది. వినబడనీ. ఆ చోట ఫొటోను కూడా మార్చింది. అంతకుముందు కర్ర ఒక్కటే ఉండేది, ఇప్పుడు పలక మీద తండ్రి చెయ్యి ఆనించి ఉన్న ఫొటో పెట్టింది.

గీతను మళ్లీ కట్టించింది. వీడియో తయారవుతోందని నీలిరంగు పట్టీ నిండుతూ పోయింది. ఎనిమిదేళ్ల నాటి ల్యాప్‌టాప్ పొయ్యి మీద పెనంలా వేడెక్కింది. మూడుకు ఐదు నిమిషాలు తక్కువగా అది పూర్తయింది.

మమత ల్యాప్‌టాప్ తెచ్చి తండ్రి ముందు స్టూలు మీద పెట్టింది. సరిగ్గా ఎనిమిదో నిమిషం దగ్గర ఆపి, ఆయన మోకాలు తట్టి, నడిపింది. గీతలో సన్నటి ముల్లు లేచి పడింది. సాపు. తర్వాత లావుగా ఒక గుబ్బ లేచి, ఒకేసారి పడకుండా పొంగు తగ్గే పాలలా కిందికీ మీదికీ ఊగుతూ ఊగుతూ సన్నబడి పోయింది.

ఆగయ్య రెండుసార్లు చూశాడు. తలూపాడు. కాని ఆయనకు ఇంకా నమ్మకం కుదిరినట్టు లేదు. ప్రశాంత్ వాడే చిన్న స్పీకర్ గూట్లో ఉంటే దాన్ని చూపించి, పెట్టు అన్నట్టు సైగ చేశాడు. మమత తమ్ముడి గది వైపు చూసింది.

"పెట్టు బిడ్డా," అన్నాడు ఆగయ్య మామూలు గొంతుతోనే. "కండ్లతోని జూస్తె సాలదు. నువ్వు గూడ గట్లనే మోసపోయినవు. లేస్తె లేస్తడు."

ఆ ఇంట్లో పట్టపగలు, నైట్ షిఫ్టు మనిషి పడుకుని ఉండగా, సౌండు పూర్తిగా పెంచడం అదే మొదటిసారి. మల్లక్క వంటింట్లోంచి వచ్చి నిలబడింది, వద్దనలేదు. మమత స్పీకర్ కలిపింది. ఆగయ్య దాని మీద చూపుడు వేలు, మధ్య వేలు ఆనించాడు. బండను కొట్టేటప్పుడు రెండో చేతి వేళ్లు ఇట్లాగే బండకు ఆనించేవాడట.

'గిది మంచి కప్పు.' టంగ్. వేళ్లు కదలలేదు.

'గిది డొల్ల కప్పు.' డబ్బ్...

ముందు గదిలో మంచం కిర్రుమంది. ఏదో కింద పడ్డ చప్పుడు, తర్వాత అడుగులు. ప్రశాంత్ గుమ్మంలోకి వచ్చాడు. బనీను చెమటకు తడిసి ఉంది. కళ్లు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు, కాని తల మాత్రం పైకెత్తి ఇంటి కప్పు వైపు చూస్తున్నాడు.

"ఏడ గది?" అన్నాడు. "ఎవలు కొట్టిండ్రు? ఎనుకకు రాండ్రి."

ఎవరూ కదలకపోయేసరికి ఒక్కొక్కరినీ చూశాడు. అక్కను, స్పీకర్ను, తండ్రి వేళ్లను. అప్పుడు గాని తను ఇంట్లో ఉన్నానని తెలిసినట్టు లేదు. గోడకు ఆనుకుని మొహం తుడుచుకున్నాడు. తొమ్మిది నెలల నుంచి బాయికి పోతున్నాడు, డ్యూటీ సంగతి ఇంట్లో ఎన్నడూ ఎత్తడు. తండ్రి ఏదన్నా చెప్పబోతే, ఇప్పుడన్నీ మిషన్లే బాపు, మీ కాలం గాదు అంటాడు.

"నిద్రల గూడ డొల్లది డొల్లగనే ఇనపడ్డదా?" అంది మల్లక్క, నవ్వు ఆపుకోలేక.

ప్రశాంత్ సిగ్గుపడ్డాడు. "మొన్న మా కాడ గట్లనే పలికింది," అన్నాడు. "షిఫ్టు జూసే మా ఓవర్‌మన్ అందర్ని ఎనుకకు దీసిండు. గంటకు కప్పు పడ్డది." ఇంట్లో ఈ మాట ఎవరికీ తెలియదు. మల్లక్క నవ్వు ఆగిపోయింది. అతను తల్లి వైపు చూడకుండా ముందుకొచ్చి, తండ్రి కుడి చెవి దగ్గర వంగి గట్టిగా అన్నాడు: "మంచిగ గొట్టినవ్ బాపు. గట్లనే ఉంటది."

ఆగయ్య కొడుకు మెడ మీద చెయ్యి వేసి ఒకసారి ఒత్తి వదిలేశాడు.

మమత ఫైలు పంపింది. అప్పటికి ఆసిఫ్ స్టూడియోకు వచ్చి ఉన్నాడు. ఫోన్లో మొదట తనను తానే తిట్టుకున్నాడు, ఆగకుండా పంపినందుకు. ఆ తర్వాత మమతను కాస్త వెక్కిరించాడు. పలక బాగు చేయించిన డబ్బులు మీ బాపు ఇస్తానన్నా తీసుకోనుగానీ, మళ్లీ పగలగొట్టమంటే మాత్రం నావల్ల కాదన్నాడు. ఈసారి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటినుంచీ చివరిదాకా విన్నాడు. పద్నాలుగు నిమిషాలు మమత ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంది. మూడూ ముప్పైకి మెసేజ్ వచ్చింది, యూట్యూబ్‌లో కొత్తది పెట్టి, గ్రూపులకు పంపేశానని. మొదట అదే దోస్తుల గ్రూపుకు, తర్వాత తక్కిన పద్నాలుగింటికీ. అప్పుడు మమత చాయ్ గ్లాసు అందుకుంది. మీద మీగడ కట్టి చల్లారిపోయి ఉంది. అయినా ఒక్క చుక్క మిగల్చకుండా తాగింది. ఇంత తియ్యటి చాయ్ తల్లి ఎన్నడూ పెట్టలేదనిపించింది.

ఇంట్లో ఇక మెల్లగా మసలవలసిన పని లేదు. ప్రశాంత్ నల్లా పూర్తిగా విప్పి దబదబా మొహం కడుక్కుంటున్నాడు. మల్లక్క గిన్నెలు గలగలమనిపిస్తూ గూట్లో పేరుస్తోంది. నాలుగు కావస్తుండగా మల్లక్క ఫోన్ మోగింది. లింగమూర్తి. ఈసారి నవ్వడం లేదు. చాయ్ హోటల్ కాడ ఎనిమిది మందిమి ఉన్నమని, ఫోన్ను గ్లాసులో నిలబెట్టి ఇంటున్నమని, రెండో దెబ్బ పడంగనే బల్ల మీదున్న ముసలోళ్లందరు ఒక్కసారి నెత్తి పైకెత్తిండ్రని, హోటలాయన ఏమైందని భయపడ్డడని చెప్పాడు. ఇందాకటి మాట బావకు చెప్పకని కూడా అన్నాడు.

మల్లక్క ఫోన్ పెట్టేసి భర్త దగ్గరికి వచ్చింది. చెవి దగ్గర వంగి అరవడానికి నోరు తెరిచింది. ఆగయ్య చెయ్యెత్తి ఆపాడు. ఆమె ముఖం చదివేశాడు.

మంచం దిగి నిలబడ్డాడు. దండెం మీది ఉతికిన చొక్కా తీసి తొడుక్కుని గుండీలన్నీ పెట్టుకున్నాడు. అద్దంలోకి వంగి మీసాన్ని ఇటూ అటూ సరిచేశాడు. కర్రను గోడకు ఆనించి వదిలేశాడు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటుంటే, ఎటు పోతున్నవని ప్రశాంత్ చేత్తో అడిగాడు. ఆగయ్య కొడుకును చూశాడు, కూతురిని చూశాడు, బొటనవేలు చూపించి గడప దాటి చాయ్ హోటల్ దారి పట్టాడు.